ఫ్లాష్ నుంచి ఫైనల్ కాపీ దాకా

2023 జూన్ 2, శుక్రవారం. రాత్రి ఏడు గంటల ప్రాంతంలో ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఘోర ప్రమాదానికి గురైంది. ఆ రైలు మన విశాఖ, రాజమండ్రి, విజయవాడ మీదుగా చెన్నై వెళ్తుంది కాబట్టి తెలుగు ఇళ్లలో ఆ రాత్రి టీవీలు ఆగలేదు. కింద స్క్రోలింగ్‌లో మృతుల సంఖ్య మారుతూనే ఉంది. ముందు కనీసం 50 అన్నారు. తర్వాత 207, తెల్లవారేసరికి 233, శనివారం 261, ఆ తర్వాత 288. ఆదివారం వచ్చేసరికి అదే సంఖ్య 275కు దిగింది. మంగళవారం మళ్లీ 288 అయింది. చనిపోయినవాళ్ల లెక్క తగ్గడమేమిటని చాలామంది విస్తుపోయారు. వార్తలంటేనే నమ్మకం పోయిందన్నవాళ్లూ ఉన్నారు.

ఆ అంకెలన్నీ పత్రికలకు, చానళ్లకు ఎక్కువగా వార్తా సంస్థల నుంచే వస్తాయి. పీటీఐ, రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ లాంటివి ఈ పని చేస్తాయి. వీటికి సొంత పత్రిక ఉండదు. వందలాది పత్రికలు, చానళ్లు చందా కట్టి వీటి వార్త తీసుకుంటాయి. పత్రికలో తప్పు పడితే ఆ పత్రిక పాఠకుల దగ్గరే ఆగుతుంది. ఏజెన్సీలో తప్పు పడితే నిమిషాల్లో అందరి తప్పూ అవుతుంది. పైగా అక్కడ రాసేవాడికి వ్యవధి ఉండదు. పెద్ద ఘటన జరిగిన కొద్ది నిమిషాల్లో రెండు వాక్యాలు పోవాలి. దాన్ని ఫ్లాష్ అనండి, అలర్ట్ అనండి, అర్జెంట్ అనండి, పేర్లు సంస్థను బట్టి మారతాయి. రాయిటర్స్‌లో ముందు ఒక్క లైను అలర్ట్ వెళ్తుంది, వెనకాలే చిన్న కాపీ వస్తుంది. ఏపీలో ఫ్లాష్ అనే మాట అత్యంత అరుదైన ఘటనలకే వాడతారు. టెలిప్రింటర్ల కాలంలో ఫ్లాష్ వస్తే యంత్రం గంటలు మోగించి డెస్క్‌ను లేపేది. ఇప్పుడు తెరమీద ఎర్రగా మెరుస్తుంది. రాసే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు.

బహనగా బజార్ ఘటననే తీసుకుని ఆ పద్ధతి చూద్దాం. ఆ రాత్రి తొలి గంటలో తెలిసిన సమాచారంతో ఫ్లాష్ రాస్తే సుమారుగా ఇలా ఉంటుంది. ఇది ఏ సంస్థా పంపినది కాదు, పద్ధతి చూపడానికి రాసిన నమూనా మాత్రమే.

"బాలేశ్వర్, జూన్ 2: ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్ సమీపంలో షాలిమార్-చెన్నై కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ శుక్రవారం రాత్రి పట్టాలు తప్పినట్లు రైల్వే అధికారులు తెలిపారు. పలు బోగీలు బోల్తా పడ్డాయని, సహాయ బృందాలను ఘటనాస్థలికి పంపామని వారు చెప్పారు."

చదవడానికి చప్పగా ఉంది. అలాగే ఉండాలి. మొదటి వాక్యం ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పారు అన్న నాలుగింటికే జవాబిస్తుంది. రెండో వాక్యం ఘటన ఎంత పెద్దదో అంచనా ఇస్తుంది. బోగీలు బోల్తా పడ్డాయంటే ఇది పట్టాలు తప్పిన మామూలు ఘటన కాదని ఎక్కడో హైదరాబాద్‌లో కూర్చున్న సబ్ ఎడిటర్‌కు అర్థమవుతుంది. మొదటి పేజీలో చోటు ఖాళీ చేయించుకుంటాడు, బాలేశ్వర్‌కు ఫోన్లు మొదలుపెడతాడు. ఫ్లాష్ పని అంతవరకే.

ఇందులో లేనివి చూడండి. మృతుల సంఖ్య లేదు. కారణం లేదు. రైలు దేన్ని ఢీకొందో లేదు. 'ఘోర', 'పెను విషాదం' లాంటి మాటలూ లేవు. సంఖ్య ఎవరూ చెప్పలేదు కాబట్టి రాయలేదు. చెప్పి ఉంటే రాసేవాళ్లమే, అయితే చెప్పినవారి పేరుతో, 'కనీసం' అన్న మాటతో. కారణం సంగతి వేరు. ఎంత పెద్ద అధికారి చెప్పినా ఘటన జరిగిన గంటలో కారణాన్ని ఫ్లాష్‌లోకి ఎక్కించరు, ఎందుకంటే ఆ సమయానికి అది చెప్పేవాడికీ తెలియదు. బహనగా బజార్‌లో జరిగింది సరిగ్గా ఇదే. ఆ రాత్రి రైలు పట్టాలు తప్పడంతోనే అంతా మొదలైందని అనుకున్నారు. కోరమాండల్‌కు మెయిన్ లైన్‌లో వెళ్లమని ఆకుపచ్చ సిగ్నల్ ఉన్నా అది పక్కనున్న లూప్ లైన్‌లోకి వెళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్స్‌ను ఢీకొట్టిందన్న విషయం రెండు రోజులకు రైల్వే బోర్డు వివరించింది. ఆ సమయంలో వేగం గంటకు 128 కిలోమీటర్లు. సిగ్నలింగ్ సర్క్యూట్‌లో మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలే మూలమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. ఈలోగా సోషల్ మీడియాలో కారణాలకు కొరత లేకపోయింది. ప్రమాదానికి మతం రంగు పూస్తూ పోస్టులు పెడుతున్నారని, అలాంటివారిపై చర్యలు తప్పవని ఒడిశా పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది.

ఇక్కడ తెలుగు డెస్క్‌కు ఒక చిక్కుంది. తెలుగులో 'అధికారులు తెలిపారు' అన్నది వాక్యం చివర వస్తుంది. ఫ్లాష్‌ను స్క్రోలింగ్ కోసం కుదించేటప్పుడు మొదట తెగేది ఆ తోకే. 'బోగీలు బోల్తా పడ్డాయని అధికారులు చెప్పారు' అన్నది 'బోగీలు బోల్తా' అయిపోతుంది. రెండోది చానల్ సొంతంగా చూసి చెప్పినట్లు వినబడుతుంది. రేపు అది తప్పని తేలితే ఎవరు చెప్పారో చూపించే ఆధారం ఉండదు. అందుకే అనుభవమున్నవాళ్లు అనుమానం ఉన్న చోట చెప్పినవారిని వాక్యం ముందుకు తెస్తారు. 'రైల్వే అధికారుల కథనం ప్రకారం' అని మొదలుపెడితే కోసేవాడు కూడా కాస్త ఆలోచిస్తాడు.

ఫ్లాష్ వెళ్లాక అసలు పని మొదలవుతుంది. బహనగా బజార్‌లో మొదటి మార్పు సంఖ్యతో కాదు, రైళ్లతో వచ్చింది. ప్రమాదంలో ఇంకో ప్యాసింజర్ రైలు కూడా ఉందని తెలిసింది. కానీ ఏది దేన్ని ఢీకొందన్న దగ్గర అధికారుల మాటలే పొసగలేదు. హౌరా వెళ్తున్న రైలు ముందు పట్టాలు తప్పిందని, దాని బోగీలను కోరమాండల్ ఢీకొందని ఒక కథనం. కోరమాండల్ బోగీలే ముందు పక్క ట్రాక్‌పై పడ్డాయని, తర్వాత హౌరా రైలు వాటిని ఢీకొందని రైల్వే ప్రతినిధి ప్రకటన. ఆ ప్రకటనలో రెండో రైలును యశ్వంత్‌పూర్-హౌరా ఎక్స్‌ప్రెస్ అన్నారు. నిజానికి అది బెంగళూరులోని విశ్వేశ్వరయ్య టెర్మినల్ నుంచి బయల్దేరిన రైలు.

ఇలాంటప్పుడు రాసేవాడు చేయాల్సింది ఒకటుంది. ఇద్దరు చెప్పినదాంట్లో ఏది ఉమ్మడిగా ఉందో దాన్ని ఇంట్రోలోకి తీసుకుని, విభేదించిన భాగాన్ని కిందికి దించాలి. 'కోరమాండల్‌ను హౌరా రైలు ఢీకొట్టింది' అంటే ఒక పక్షం తీసుకున్నట్టు. 'బాలేశ్వర్ దగ్గర ప్రమాదంలో రెండు ప్యాసింజర్ రైళ్లు చిక్కుకున్నాయి' అంటే ఎవరి మాట నిజమైనా వాక్యం నిలుస్తుంది. ఏది ముందన్నది రెండో పేరాలో, 'అధికారుల కథనాలు పరస్పరం భిన్నంగా ఉన్నాయి' అని చెప్పి, ఇద్దరి మాటా ఇవ్వాలి. పాఠకుడికి అది అసంపూర్ణంగా తోచవచ్చు. కానీ ఆ క్షణానికి సమాచారమే అసంపూర్ణం. కాపీ కూడా అలాగే కనిపించడం నిజాయతీ.

ఇలా మారిన కాపీని ఏజెన్సీలు పాతదానికి అతికించి పంపవు, మొత్తం కొత్తగా రాసి పంపుతాయి. మన పీటీఐ కాపీల మీద ఎల్‌డీ, సెకండ్ ఎల్‌డీ, థర్డ్ ఎల్‌డీ అని ఉంటాయి. లీడ్ అనే మాటకు అది కుదింపు. రాయిటర్స్‌లో అప్‌డేట్ 1, అప్‌డేట్ 2 అంటారు. ఏపీ 'రైట్‌త్రూ' అంటుంది, పై నుంచి కింది దాకా తిరగరాసినదని అర్థం. కాపీ పైన డెస్క్‌కు ఒక చిన్న గమనిక కూడా ఉంటుంది. మృతుల సంఖ్య మారింది, ముఖ్యమంత్రి ప్రకటన చేరింది, ఇలా. పాఠకుడికి ఆ గమనిక కనబడదు కానీ సబ్ ఎడిటర్‌కు అదే దారి చూపుతుంది. పది పేరాల కాపీలో ఎక్కడేం మారిందో వెతుక్కునే పని తప్పుతుంది.

వెతుక్కోకపోతే ఏమవుతుందో పత్రికలు తిప్పేవాళ్లకు తెలుసు. హెడ్డింగ్‌లో 233, ఇంట్రోలో 233, ఏడో పేరాలో 'మృతుల సంఖ్య 207కు చేరింది', ఫొటో కింద '50 మందికి పైగా'. ఒకే వార్తలో మూడు లెక్కలు. ఏ ఒక్కటీ ఎవరూ కల్పించింది కాదు, మూడూ మూడు వేళల్లో నిజమే. పైన మార్చినవాడు కింద చూడలేదంతే. అందుకే అంకె మారినప్పుడు పాత అంకెను కాపీ అంతటా వెతికి తీసేయడం అప్‌డేట్‌లో మొదటి పని. రెండో పని కాలాన్ని సరిచూడటం. రాత్రి ఎనిమిదికి 'సహాయ బృందాలు బయల్దేరాయి' అని రాసిన వాక్యం అర్ధరాత్రి కాపీలో అలాగే మిగిలిపోతే బృందాలు ఇంకా దారిలోనే ఉన్నట్టుంటుంది.

ఇక మృతుల సంఖ్య. పెద్ద ప్రమాదంలో ఈ లెక్క ఒకే చోటి నుంచి రాదు. బాలేశ్వర్‌లో రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఒక సంఖ్య చెబుతున్నారు, ఆగ్నేయ రైల్వే ఒకటి, అగ్నిమాపక శాఖ ఒకటి. బోగీల దగ్గర లెక్కపెట్టేవాళ్లు వేరు, ఆసుపత్రుల్లో లెక్కపెట్టేవాళ్లు వేరు. జనరల్ బోగీల్లో ప్రయాణించినవారి పేర్లు చార్ట్‌లో ఉండవు కాబట్టి జాబితాతో సరిచూసుకునే వీలు కూడా లేదు. ఈ పరిస్థితిలో రాసేవాడికి ఎదురయ్యే పెద్ద ప్రలోభం కూడిక. ఒక ఆసుపత్రిలో 30 అన్నారు, ఇంకో చోట 20 అన్నారు, కలిపితే 50 అని రాసేయడం. ఏజెన్సీలో ఇది చేయకూడని పని. మొదటి ఆసుపత్రి నుంచి రెండోదానికి తరలించిన మృతదేహం రెండు లెక్కల్లోనూ ఉండొచ్చు. కూడిక ఎవరైనా అధికారి చేసి చెప్పాలి. మనం ఆయన పేరుతో రాయాలి.

ఆ కూడిక ప్రభుత్వానికే తప్పింది. శనివారం 288 అని ప్రకటించారు. ఆదివారం ప్రధాన కార్యదర్శి ప్రదీప్ జెనా ముందుకొచ్చి, కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కించారని, పరిశీలన తర్వాత తేలిన సంఖ్య 275 అని చెప్పారు. ఇప్పుడు ఏజెన్సీ డెస్క్ ముందు ఒక ప్రశ్న. ఇది అప్‌డేటా, సవరణా?

ఈ తేడా పాఠకులకు చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఏజెన్సీకి ప్రాణం లాంటిది. కొత్త సమాచారం వస్తే అప్‌డేట్. మన కాపీలో తప్పుంటే కరెక్షన్, అందులో తప్పేమిటో, సరైనదేమిటో విడిగా చెప్పాలి. వార్త మొత్తమే నిలవకపోతే 'కిల్', అంటే దాన్ని వాడొద్దని, వాడి ఉంటే తీసేయమని అందరికీ ఆదేశం. శనివారం కాపీలో 'మృతుల సంఖ్య 288' అని మాత్రమే రాసిన సంస్థ ఆదివారం ఇరుకున పడుతుంది, ఎందుకంటే ఆ సంఖ్యకు తానే పూచీ పడింది. 'మృతుల సంఖ్య 288 అని అధికారులు తెలిపారు' అని రాసిన సంస్థ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అధికారులు నిజంగానే ఆ మాట చెప్పారు. దానికి కావలసింది అప్‌డేట్, అది ఇలా ఉంటుంది:

"భువనేశ్వర్, జూన్ 4: బాలేశ్వర్ రైలు ప్రమాదంలో మృతుల సంఖ్యను 288 నుంచి 275కు తగ్గిస్తున్నట్లు ఒడిశా ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ప్రదీప్ జెనా ఆదివారం వెల్లడించారు. కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కించినట్లు పరిశీలనలో తేలిందని ఆయన చెప్పారు."

మళ్లీ రెండే వాక్యాలు. తొలి ఫ్లాష్‌కూ దీనికీ ఒక తేడా ఉంది. ఇందులో పాత సంఖ్యను దాచలేదు, ఇంట్రోలోనే కొత్తదాని పక్కన పెట్టారు. సంఖ్య పెరిగినప్పుడు పాతది చెప్పక్కర్లేదు, పెరుగుతుందని పాఠకుడు ఎదురుచూస్తూనే ఉంటాడు. తగ్గినప్పుడు మాత్రం పాతదీ చెప్పాలి, తగ్గిన కారణమూ అక్కడే చెప్పాలి. లేకపోతే ఎవరో లెక్కలు దాస్తున్నారన్న అనుమానం పుడుతుంది. మంగళవారం ప్రభుత్వం తిరిగి 288 అని నిర్ధారించినప్పుడు కూడా మూడు సంఖ్యల క్రమాన్ని ఒక్క వాక్యంలో చెబితేనే కాపీ అర్థమవుతుంది. తర్వాత చికిత్స పొందుతూ మరికొందరు చనిపోవడంతో తుది లెక్క 290 దాటింది.

సంఖ్య తప్పితే సరిదిద్దుకోవచ్చు. పేరున్న మనిషి చావు విషయంలో అలా కుదరదు. 2011 జనవరి 8న అమెరికాలోని అరిజోనాలో ప్రజాప్రతినిధి గాబ్రియెల్ గిఫర్డ్స్‌పై కాల్పులు జరిగాయి. ఆమె చనిపోయారని ఎన్‌పీఆర్ రేడియో ప్రకటించింది. రాయిటర్స్, సీఎన్‌ఎన్ సహా పలు సంస్థలు అదే వార్త ఇచ్చాయి. ఆమె అప్పటికి ఆపరేషన్ బల్లపై ఉన్నారు, బతికారు. ఎన్‌పీఆర్ క్షమాపణ చెప్పింది. తన వార్తకు ఒకటికి మించి ఆధారాలున్నాయనే ఆ రేడియో అనుకుంది, కానీ అవి ఆసుపత్రి నుంచి వచ్చినవి కావు. చెప్పినవాళ్లు ఎందరున్నా, ఆ విషయం వాళ్లకు ఎలా తెలిసిందన్న ప్రశ్న వేయకపోతే అందరూ ఒకే పుకారును వినిపిస్తూ ఉండొచ్చు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది 1963 నవంబరు 22న డాలస్‌లో జరిగింది. అధ్యక్షుడు కెన్నెడీపై మధ్యాహ్నం పన్నెండున్నరకు కాల్పులు జరిగాయి. కాన్వాయ్‌లో ఉన్న యూపీఐ విలేకరి మెరిమన్ స్మిత్ కారులోని రేడియో టెలిఫోన్ అందుకుని సమాచారం చెప్పారు. 12:34కు బులెటిన్ వెళ్లింది. అధ్యక్షుడి కాన్వాయ్ వైపు మూడుసార్లు కాల్పులు జరిగాయన్నదే అందులోని సమాచారం. కెన్నెడీకి తగిలిందని లేదు, ఎందుకంటే అప్పటికి అది ఆయన చూడలేదు. ఆసుపత్రి చేరాక సీక్రెట్ సర్వీస్ ఏజెంట్ క్లింట్ హిల్‌ను అడిగితే అధ్యక్షుడు చనిపోయారని ఆయన అన్నారు. అయినా 12:39 ఫ్లాష్ తీవ్రంగా గాయపడ్డారని, బహుశా ప్రాణాపాయమని చెప్పి ఆగింది. మరణించారన్న ఫ్లాష్ అధికారిక ప్రకటన తర్వాతే, 1:35కు వెళ్లింది. అందరికంటే ముందు వార్త ఇచ్చిన మనిషే దాదాపు గంటసేపు ఆ ఒక్క మాట దగ్గర ఆగారు. ఆ రోజు రాసిన వార్తలకు స్మిత్‌కు పులిట్జర్ బహుమతి వచ్చింది.

వేగం, నిజం ఒకదానికొకటి శత్రువులని తరచూ వింటుంటాం. స్మిత్ బులెటిన్ నాలుగు నిమిషాల్లో వెళ్లింది, అందులో వెనక్కి తీసుకోవాల్సిన మాట లేదు. అది తక్కువ చెప్పడం వల్ల సాధ్యమైంది. మంచి ఫ్లాష్‌లో ప్రతి వాక్యాన్నీ రేపు మార్చవచ్చు, ఏ వాక్యాన్నీ ఉపసంహరించుకోనక్కర్లేదు. తెలిసినదాన్ని చెప్పినవారికి ముడిపెట్టి, తెలియనిదాన్ని వదిలేసినప్పుడే అది కుదురుతుంది.

పాఠకులకు ఒక మాట. ఈసారి ఫోన్‌లో బ్రేకింగ్ న్యూస్ వస్తే పంచుకునే ముందు రెండు చూడండి. ఎవరు చెప్పారో ఉందా, ఎప్పటి సమాచారమో ఉందా? రెండూ ఉంటే అది రేపు మారినా వార్తే. రెండూ లేకుండా కారణం మాత్రం గట్టిగా చెబుతుంటే దాన్ని ఎవరికీ పంపకండి.